పరీక్ష ముందురోజు ఉత్తరంలో ‘సాధిస్తావు’ అని రాయొద్దు

భార్యకో భర్తకో రేపు పెద్ద పరీక్ష ఉందనగా, లేదా ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఇంటర్వ్యూ ఉందనగా మనం రాసిచ్చే చిన్న ఉత్తరంలో "నువ్వు తప్పకుండా సాధిస్తావు" అన్న వాక్యం ఉండకూడదని నా వాదన. ఈ మాట అంటే చాలామంది నన్ను అదోలా చూస్తారు. ధైర్యం చెప్పడానికే కదా ఉత్తరం, ధైర్యం చెప్పే వాక్యమే తీసేస్తే ఇక రాయడానికి ఏం మిగులుతుంది అంటారు. చాలా మిగులుతుంది. అసలు ఆ వాక్యం పోయాకే ఉత్తరానికి కాస్త ఊపిరి ఆడుతుంది.

మా ఇంట్లో ఎవరు ఏం రాసినా ఒకసారి నాకు చూపించడం అలవాటు. సెలవు చీటీ అయినా సరే, పెళ్ళి శుభలేఖ అయినా సరే. అలాగే మా తమ్ముడు ఒకరోజు ఫోన్లో ఒక ఫోటో పంపి, "అక్కా, ఇది కాస్త చూడు, ఎక్కువైందా?" అని అడిగాడు. మర్నాడు మా మరదలికి పరీక్ష. ఉద్యోగంలో పైమెట్టు ఎక్కాలంటే రాయాల్సిన పరీక్ష, రాయడం రెండోసారి. చంటిపిల్లని పడుకోబెట్టాక రాత్రుళ్ళు కూర్చుని చదివింది. వాడు కాగితం మీద రాసింది ఇది:

"బంగారం, రేపు నీ జీవితంలో చాలా ముఖ్యమైన రోజు. ఏడాదిగా నువ్వు పడిన కష్టం నేను కళ్ళారా చూశాను. ఆ కష్టం ఊరికే పోదు. ఈసారి నువ్వు తప్పకుండా సాధిస్తావు, నాకు వంద శాతం నమ్మకం ఉంది. అమ్మా నాన్నా అందరం నీ రిజల్ట్ కోసం ఎదురుచూస్తున్నాం. అస్సలు టెన్షన్ పడకు. ఒకవేళ రాకపోయినా ఏం ఫర్వాలేదు, నేనున్నాను. పేపర్ ప్రశాంతంగా రాయి, తొందరపడి తప్పులు చేయకు, టైమ్ చూసుకో. నువ్వే నా గర్వం. ఆల్ ది బెస్ట్!"

ఇందులో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. మనలో చాలామందిమి ఇంతకంటే వేరుగా రాయం కూడా. కానీ రాత్రి పది గంటలకు, చదివింది మర్చిపోతున్నానేమో అని గుండె దడదడలాడుతున్న మనిషి చేతిలో దీన్ని పెట్టి చూడండి. ప్రతి వాక్యం ఆ మనిషికి ఏదో ఒక పని అప్పజెబుతోంది.

తెలుగులో ఒక సౌకర్యం ఉంది. కర్తను విడిగా చెప్పకపోయినా, పని ఎవరిదో క్రియ చివర చూస్తే తెలిసిపోతుంది. సాధిస్తావు, పడకు, రాయి, చేయకు, చూసుకో. ఇవన్నీ ఆమె పనులు. ‘చూశాను’, ‘ఎదురుచూస్తున్నాం’, ‘నేనున్నాను’ అన్న మూడూ పక్కన పెడితే మా తమ్ముడి తరఫున ఆ ఉత్తరంలో ఒక్క పనీ లేదు. అందుకే ఎవరు చూపించినా నేను ముందు క్రియల చివరలు చూస్తాను. ‘-వు’లూ ‘-కు’లూ ఎక్కువుంటే అది ఎంత తియ్యగా ఉన్నా పనుల చిట్టాయే. ‘-ను’లు ఎక్కువుంటే, అంటే పెడతాను, ఉంటాను, అడగను లాంటివి ఎక్కువుంటే, చదివే మనిషి భుజాలు కొంచెం దిగుతాయి. ప్రతి ‘నువ్వు’నూ కొట్టేయమని కాదు. జరగబోయేదాని గురించి రాసే వాక్యాల్లో మాత్రం కర్త రాసేవాళ్ళే కావాలి.

ఇక ఒక్కో వాక్యం చూద్దాం. అన్నిటికీ ఒకేలా ఆగక్కర్లేదు.

"చాలా ముఖ్యమైన రోజు" అన్నది ఆమెకు తెలియని సంగతా? కొట్టేయడమే.

"పడిన కష్టం చూశాను, ఆ కష్టం ఊరికే పోదు" దగ్గర మాత్రం ఆగాలి. మొదటి సగం మంచిదే. రెండో సగం రాగానే అది అప్పు పత్రంలా మారిపోతుంది. ఇంత పెట్టావు కాబట్టి ఇంత రావాలి, రాకపోతే పెట్టినదంతా పోయినట్టే అని. పరీక్ష రాసేవాళ్ళకు ఈ లెక్క మనం గుర్తుచేయాల్సిన పని లేదు, వాళ్ళ బుర్రలో అది రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. కష్టాన్ని చూశానని చెప్పాలనుకుంటే ఫలితంతో ముడిపెట్టకుండా, చూసిన ఒక్క ఘట్టం చెప్తే చాలు. దాని సంగతికి మళ్ళీ వస్తాను.

"ఈసారి." ఈ ఒక్క మాటతో పోయినసారి వచ్చి గదిలో కూర్చుంటుంది. రెండోసారో మూడోసారో రాస్తున్నవాళ్ళ విషయంలో నేను వెతికి మరీ తీసేసేది ఈ మాటనే. ‘మళ్ళీ’, ‘ఇప్పటికైనా’, ‘ఇంక’ కూడా దీని చుట్టాలే. వాటిని తీసేసినా అర్థం ఏమీ చెడదు.

"తప్పకుండా సాధిస్తావు, నాకు వంద శాతం నమ్మకం ఉంది." అసలు గొడవంతా దీని గురించే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఈ వాక్యం విన్నాక ఆమె మోయాల్సినవి రెండవుతాయి. ఒకటి పరీక్ష. రెండోది మా తమ్ముడి నమ్మకం. పోతే పరీక్ష ఒక్కటే పోదు, వాడి మాట కూడా తప్పినట్టవుతుంది. పైగా ఆమెకు తన చదువులో ఎక్కడ లొసుగులున్నాయో వాడికంటే బాగా తెలుసు. రెండు చాప్టర్లు పైపైనే చూసిన మనిషికి ఎవరైనా వంద శాతం అంటే, ‘అయితే ఈయనకు నా పరిస్థితి తెలియదన్నమాట’ అనిపిస్తుంది. దగ్గరవ్వాలని రాసిన వాక్యం కాస్తా దూరం చేస్తుంది.

ఇది నా ఒక్కదాని ఊహ కాదు. జెనిఫర్ బట్లర్, రాయ్ బామైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1998లో కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. కష్టమైన పని ఒకటి ఇచ్చి, మన మంచి కోరేవాళ్ళు చూస్తున్నప్పుడు ఎలా చేస్తారు, అలా కానివాళ్ళు చూస్తున్నప్పుడు ఎలా చేస్తారు అని పోల్చారు. మంచి కోరేవాళ్ళ ముందు పని బాగా సాగుతుందనే కదా మనం అనుకుంటాం. అది తగ్గింది. అయినవాళ్ళ ముందు తప్పు చేయకూడదన్న జాగ్రత్తతో చేసేవాళ్ళు నెమ్మదించారు, ఆ నెమ్మది వల్ల తప్పులేమీ తగ్గలేదు. గడియారం పెట్టి రాసే పరీక్షలో దీని అర్థం ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. చేసినవాళ్ళకు మాత్రం అయినవాళ్ళు చూస్తుంటేనే హాయిగా, తక్కువ ఒత్తిడిగా అనిపించింది. అంటే "నీ ఉత్తరం చదివితే ఎంతో బాగుంది" అని వాళ్ళు మనస్ఫూర్తిగా అన్నా, దానివల్ల పరీక్షలో మేలు జరిగిందని అనుకోవడానికి లేదు. ఆ ప్రయోగాల్లో చూసేవాళ్ళు ఎదురుగా ఉన్నారు, ఇక్కడ ఉన్నది ఒక కాగితం. కాబట్టి రెండూ ఒకటేనని నేను అనను. కానీ కాగితంలో "అందరం నీ రిజల్ట్ కోసం ఎదురుచూస్తున్నాం" అని రాస్తే, అత్తమామలతో సహా ఇంటిల్లిపాదినీ పరీక్ష హాల్లో వెనక బెంచీల మీద కూర్చోబెట్టినట్టే కదా. ఆ వాక్యం కూడా అందుకే పోవాలి.

"అస్సలు టెన్షన్ పడకు." దీన్ని తీసేయమంటే మా తమ్ముడు ఒప్పుకోలేదు. "ఇందులో తప్పేముంది అక్కా? మనం రోజూ అనేదే కదా" అన్నాడు. రోజూ అనేదే, నిజమే. కానీ టెన్షన్ పడకు అన్నందుకు టెన్షన్ తగ్గిన మనిషిని వాడు చూశాడా అని అడిగితే నవ్వేశాడు. గుండె కొట్టుకోవడం మన చేతిలో లేని పని. ఆపమని చెప్తే ఆగదు, ఆగలేదని ఇంకో దిగులు కలుస్తుంది. హార్వర్డ్‌లో పనిచేసే ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. నలుగురిలో పాడబోయేవాళ్ళూ, మాట్లాడబోయేవాళ్ళూ, లెక్కలు చేయబోయేవాళ్ళూ ప్రశాంతంగా ఉండాలని చూడటం కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నప్పుడు మెరుగ్గా చేశారు. దడను తగ్గించడం కష్టం, దానికి వేరే పేరు పెట్టుకోవడం తేలిక. అలాగని ఉత్తరంలో ‘ఉత్సాహంగా ఉండు’ అని రాయకండి, అదీ ఆజ్ఞే అవుతుంది. పెళ్ళిచూపుల ముందు కూడా నీకిలాగే చేతులు చల్లబడ్డాయి, అయినా ఆరోజు వాగినంత ఎప్పుడూ వాగలేదు లాంటి పాత సంగతి ఏదైనా ఇద్దరి మధ్యా ఉంటే రాయొచ్చు. లేకపోతే టెన్షన్ ఊసే ఎత్తకపోవడం మంచిది.

"ఒకవేళ రాకపోయినా ఏం ఫర్వాలేదు." ఇది నన్ను చాలా ఆలోచింపజేసిన వాక్యం. ఒత్తిడి పెట్టకూడదు అనగానే అందరూ పట్టుకునేది దీన్నే. ఉద్దేశం మంచిదే. కానీ పరీక్ష ముందురోజు రాత్రి ‘రాకపోయినా’ అన్న మాట వినిపిస్తే ఇద్దరు మనుషులకు రెండు రకాలుగా తగులుతుంది. ఒకరికి ‘ఓహో, నాకు రాదని ఇప్పటికే అనుకుంటున్నావా’ అని. ఇంకొకరికి ‘నీకు ఫర్వాలేదేమో, నాకు ఫర్వా ఉంది’ అని. ఆమె ఏడాది రాత్రుళ్ళు కూర్చుంది ఫర్వాలేదని కాదు కదా. పైగా పై వాక్యంలో వంద శాతం అన్న మనిషే కింద ‘ఒకవేళ’ అంటే రెండిట్లో ఏది నమ్మాలి? ఫలితం ఏదైనా మన మధ్య ఏమీ మారదని చెప్పాలంటే ఫలితం ప్రసక్తి లేకుండానే చెప్పొచ్చు. సాయంత్రం ఏం చేయబోతున్నామో రాయడమే ఆ దారి. పేపర్ బాగా రాసినా రాయకపోయినా ఒకేలా జరిగే పని అయి ఉండాలి. సాయంత్రం గేటు దగ్గర ఉంటాను, ఇంటికి నడుచుకుంటూ వద్దాం, అంతే. ‘పార్టీ చేసుకుందాం’ అన్నారంటే అందులోకి ఫలితం మళ్ళీ దొంగతనంగా దూరినట్టే.

పేపర్ ఎలా రాయాలో చెప్పే సలహాల గురించి పెద్దగా చెప్పను. ఆ పరీక్ష గురించి మా తమ్ముడి కంటే మా మరదలికే ఎక్కువ తెలుసు. "నువ్వే నా గర్వం" అన్నది గ్రీటింగ్ కార్డు మీది ఇంగ్లీషుకి తెలుగు తొడుగు. మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటి నుంచీ ఎప్పుడూ రాలేదు. "ఆల్ ది బెస్ట్" మాత్రం నాకు ఇష్టమే. అది ఇంగ్లీషే అయినా ఎప్పుడో మనదైపోయింది, వెళ్ళొస్తానంటే వెళ్ళిరా అన్నట్టు గుమ్మం దగ్గర అనే మాట. దాన్ని గుమ్మానికే ఉంచుకుంటే సరిపోతుంది.

ఇక్కడే భాష సంగతి వస్తుంది. ఆ రోజుల్లో వాళ్ళ చుట్టూ ఉన్న భాషంతా పరీక్ష భాషే. ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు అయితే మరీను, జవాబులన్నీ ఇంగ్లీషులో వల్లె వేసుకుంటూ తిరుగుతుంటారు. అలాంటప్పుడు మనం కూడా ఇంగ్లీషులో నాలుగు మెరుపు వాక్యాలు పంపితే అవీ ఆ గుంపులోనే కలిసిపోతాయి. ఇంట్లో మాట్లాడుకునే భాష ఎవరూ మార్కులు వేయని భాష. అందుకని ఉత్తరం అందులోనే ఉండాలి. అలాగని పుస్తకాల తెలుగు వద్దు. ‘విజయోస్తు’, ‘హృదయపూర్వక శుభాకాంక్షలు’ అని మొదలుపెడితే మొగుడు రాసినట్టుండదు, సన్మాన పత్రం చదివినట్టుంటుంది. మీ ఇంట్లో ‘వెళ్దాం’ అంటారో ‘పోదాం’ అంటారో అదే రాయండి. ‘చూసుకుంటా’ అనేవాళ్ళు ఆ ఒక్కరోజు ‘చూసుకుంటాను’ అని సాగదీయక్కర్లేదు. భర్తను ‘మీరు’ అని పిలిచే ఆమె ఉత్తరంలోనూ ‘మీరు’ అనే రాయాలి. ప్రేమగా ఉంటుందని ఆరోజు ఉన్నట్టుండి ‘నువ్వు’లోకి మారితే, ఇది మామూలు రోజు కాదని ఇంకోసారి దండోరా వేసినట్టు. మా తమ్ముడు ఇంట్లో పెళ్ళాన్ని ‘బంగారం’ అని ఏనాడూ పిలవలేదు. వెక్కిరింపుగా ‘మేడమ్’ అంటాడు. ఉత్తరం మొదట్లో కూడా అదే ఉండాలని పట్టుబట్టాను.

తెలుగు గలగలా మాట్లాడుతూ, లిపి మాత్రం కూడబలుక్కుని చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం చదివినవాళ్ళు, వేరే రాష్ట్రంలోనో దేశంలోనో పెరిగినవాళ్ళు. వాళ్ళకు తెలుగు లిపిలో పేజీడు రాసిస్తే ఒత్తులు కూడుకుని చదవడం ఆ రాత్రి ఇంకో చిన్న పరీక్ష అవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయండి, లేదా అరనిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి. అసలు భార్యాభర్తల మాతృభాషలే వేరైతే? వాళ్ళ భాషలో మీరు రాయగలిగింది రెండు వాక్యాలే అయినా అవే రాయండి, కానీ కొత్త వాక్యాలు కట్టబోకండి. వాళ్ళు మీతో ఎప్పుడూ అనే మాటలు కొన్ని మీ చెవిలో ఉంటాయి కదా, ‘తిన్నావా’, ‘వచ్చేస్తున్నా’, ‘నేను చూసుకుంటాలే’ లాంటివి, వాటినే తిరిగి వాడండి. అవి వాళ్ళ యాసలోనే మీకు వచ్చి ఉంటాయి. ఒక అక్షరం తప్పుపోతే నవ్వుకుంటారు, ఆ నవ్వు ఆ రాత్రికి లాభమే. ఎవరితోనో నున్నగా దిద్దించిన పేరా అయితే మీ గొంతు అందులో వినపడదు.

తమ్ముడూ నేనూ ఫోన్లో మాట్లాడుకుని తిరగరాసింది ఇది. మాటలు వాడివే, నేను ఎక్కువగా చేసింది వద్దు వద్దు అనడమే.

"మేడమ్,

హాల్ టికెట్, ఐడీ కార్డు, రెండు పెన్నులు నీలం సంచి ముందు అరలో పెట్టేశా. పొద్దున పిల్ల లేస్తే నేను చూసుకుంటా, నువ్వు నీ అలారానికే లే.

మొన్న రాత్రి ఆ లెక్క కొట్టేసి మళ్ళీ మొదటి నుంచి చేశావు చూడు. కాసేపటికి ‘ఓస్, ఇంతేనా’ అని నీలో నువ్వే అనుకున్నావు. వంటింట్లోకి వినపడింది.

సాయంత్రం గేటు దగ్గరుంటా. పేపర్ సంగతి నువ్వు ఎత్తితే మాట్లాడుకుందాం, లేకపోతే నీ కూతురు ఇవాళ కొత్తగా నేర్చుకున్న తిట్టు ఏంటో చెప్తా.

దీనికి రిప్లై అక్కర్లేదు, పడుకో."

‘లే’, ‘పడుకో’ రెండూ ఆజ్ఞలే, తెలుసు. వాడు రోజూ అనేవే కాబట్టి వదిలేశాను.

ఈ ఉత్తరంలో మెచ్చుకోలు ఎక్కడుందని ఎవరైనా అడగొచ్చు. ‘ఓస్, ఇంతేనా’ దగ్గర ఉంది. నువ్వు తెలివైనదానివి అంటే ఆ తెలివిని రేపు మళ్ళీ రుజువు చేయాలి. మొన్న రాత్రి జరిగింది మాత్రం జరిగిపోయింది, రేపటి పేపర్ ఎంత కష్టంగా వచ్చినా దాన్ని వెనక్కి తీసుకోలేదు. పైగా అది చేతకాక మొదట కొట్టేసిన లెక్క. రేపు హాల్లో ఏదైనా లెక్క మొదటిసారి రాకపోతే గుర్తొచ్చేందుకు అంతకంటే మంచి సంగతి ఉండదు. కానీ ఆ మాట పైకి అనలేదు, అంటే పాఠం అయిపోతుంది. ఇలాంటి ఘట్టం దొరకాలంటే ముందురోజు కూర్చుని ఆలోచిస్తే దొరకదు, చదువుతున్న రోజుల్లో ఓ కంట కనిపెట్టి ఉండాలి. ఇంత చిన్న ఉత్తరంలో అసలు శ్రమంతా అక్కడే.

‘రిప్లై అక్కర్లేదు’ అన్నది చిన్న వాక్యమే కానీ ఫోన్లో పంపే ఉత్తరమైతే అది తప్పనిసరి. నీలం టిక్కులు పడ్డాక ఏదో ఒకటి అనాలి కదా అని అవతలివాళ్ళు తంటాలు పడతారు. వద్దన్నా వచ్చే జవాబుని బట్టి మన ఉత్తరం ఎలా తగిలిందో కొంత తెలుస్తుంది. ‘ట్రై చేస్తా’, ‘చూద్దాం’, ‘నీ నమ్మకం వమ్ము చేయను’, ‘నా మీద మరీ ఆశలు పెట్టుకోకు’ అని వచ్చిందంటే భారం పడిందని అర్థం. ‘నీలం సంచా, నల్లదా?’ అని వచ్చిందనుకోండి, అంతా బాగానే ఉంది.

ఎప్పుడు ఇవ్వాలన్నదాని గురించి కూడా ఒక మాట. హాల్ టికెట్ ఫోల్డర్లోనో పెన్నుల పౌచ్‌లోనో దాచిపెట్టి ఆశ్చర్యపరచాలని చాలామందికి సరదా. దయచేసి వద్దు. హాల్లో చేతిరాత ఉన్న కాగితం ముక్క కనపడితే ఇన్విజిలేటర్‌కి అది ప్రేమలేఖో చీటీయో తెలియదు, తేల్చేలోపు పోయేది ఆమె సమయం, ఆమె ప్రాణం. పరీక్ష ఉదయం పంపే మెసేజ్ కూడా చాలాసార్లు ఫోన్ డిపాజిట్ చేసేశాకే చేరుతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే ఇంకో ప్రమాదం. స్క్రీన్ షేర్ చేసి ఉండగా మూలన మీ మెసేజ్ టపీమని పైకి తేలితే ‘మేడమ్’ అన్న ముద్దుపేరు ఇంటర్వ్యూ చేసేవాళ్ళందరూ చదువుతారు. ముందురోజు రాత్రి, అన్నం తిన్నాక, పుస్తకం మూసేశాక ఇవ్వడమే మేలు. మధ్యలో ఏదైనా గొడవ నడుస్తుంటే, క్షమాపణలు ఈ కాగితంలో ఇరికించకండి. దానికి వేరే రోజు ఉంది.

అందరూ ఒకేలా ఉండరని నాకూ తెలుసు. ‘కుమ్మేసి రా’ అంటే తప్ప కదలని మనుషులు ఉంటారు, మా చిన్నాన్న అలాంటివాడే. ఉత్తరమే వద్దు, నన్ను మామూలుగా వదిలేయండి అనేవాళ్ళూ ఉంటారు. మీ ఇంటి మనిషి ఏ రకమో పరీక్ష ముందురోజు అడిగితే అదో ఒత్తిడి. ఎప్పుడో మామూలు రోజున, ‘పరీక్ష ముందు నీకు ఏ మాట వింటే చిరాకు?’ అని అడిగి చూడండి. ఏం బాగుంటుంది అని అడిగితే మొహమాటపడతారు, ఏది చిరాకు అంటే మాత్రం గబగబా చెప్పేస్తారు.

ఇక ఉత్తరంలో రాయకుండా వదిలేసిన సంగతి ఒకటి ఉంది. నియాల్ బోల్గర్, ఆడమ్ జుకర్‌మన్, రోనాల్డ్ కెస్లర్ అనే ముగ్గురు పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం దాదాపు మన సందర్భమే. న్యూయార్క్‌లో లాయరు కావడానికి రాయాల్సిన బార్ పరీక్షకు జంటలో ఒకరు చదువుతున్నారు. అలాంటి జంటల చేత పరీక్షకు ముందు రోజూ విడివిడిగా డైరీ రాయించారు. ఇవాళ తోడుగా నిలబడ్డానని ఒకరు, తోడు దొరికిందని ఇంకొకరు రాయాలి. తోడు దొరికిందని చదివేవాళ్ళు గుర్తించిన రోజుల తర్వాత వాళ్ళ దిగులు తగ్గకపోగా పెరిగింది. తోడు నిలబడ్డవాళ్ళు సాయం చేశామని రాసి, చదివేవాళ్ళు అది గమనించకుండా ఉన్నప్పుడే ఎక్కువ మేలు కనపడింది. అది దిగులు కొలిచిన అధ్యయనం, మార్కులు కొలిచింది కాదు. అయినా కారణం ఊహించడం కష్టం కాదు. సాయం చేస్తున్నారని కనపడినప్పుడల్లా, సాయం కావాల్సిన స్థితిలో ఉన్నానని కూడా గుర్తొస్తుంది.

అలాగైతే సంచి సర్దానని రాయడం ఎందుకని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. రాయకపోతే ఆమె పొద్దున్నే లేచి హాల్ టికెట్ కోసం ఇల్లంతా వెతుకుతుంది కాబట్టి అది చెప్పాల్సిందే. ఆమెకు తెలిస్తేనే పనికొచ్చేవి రాయాలి, తెలియకపోయినా పనికొచ్చేవి చేసి ఊరుకోవాలి. మా వాడు ఆ రాత్రి అమ్మకీ, వాళ్ళ అత్తగారికీ ఫోన్ చేసి, రేపు పొద్దున ఎవరూ తనకి ఫోన్ చేయొద్దు, సాయంత్రం కూడా ‘ఎలా రాశావమ్మా’ అని అడగొద్దు, ఏమైనా ఉంటే నాకు చేయండి అని చెప్పాడు. అమ్మ కొంచెం నొచ్చుకుంది. దీవించడానికి కూడా పర్మిషన్ కావాలా అంది. ఆ మాటలు పడింది వాడే. మా మరదలికి ఆ ఫోన్ల సంగతి తెలియదు, ఉత్తరంలోనూ లేదు.